నెమ్మదించిన రెప్లికాతో ఏం చేయాలి? ఫ్యాన్-అవుట్ సర్వీసుల్లో హెడ్జింగ్, దాని ప్రత్యామ్నాయాలు

ఒక సెర్చ్ సర్వీసు ఉందనుకుందాం. ఇండెక్సును 40 షార్డులుగా విడగొట్టి, ఒక్కో షార్డుకు 3 రెప్లికాలు పెట్టారు. మొత్తం 120 మెషీన్లు. యూజర్ ఒక మాట టైపు చేస్తే రూట్ సర్వర్ దాన్ని 40 షార్డులకూ ఒకేసారి పంపి, 40 జవాబులూ చేతికొచ్చాక కలిపి పేజీ ఇస్తుంది. పంక్తి భోజనంలో ఆఖరివాడు ముగించేదాకా ఎవరూ లేవనట్టు, ఇక్కడ ఆఖరి షార్డు జవాబిచ్చేదాకా పేజీ కదలదు.

షార్డు కాల్‌ను విడిగా చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. సగం కాల్స్ 4 మిల్లీసెకన్లలోపే ముగుస్తాయి. 95 శాతం 10 లోపు, 97 శాతం 20 లోపు, 99 శాతం 80 మిల్లీసెకన్ల లోపు. (ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే, కానీ ఈ ఆకారం చాలా సర్వీసుల్లో కనిపిస్తుంది: ముందు భాగం చదునుగా, చివర పొడుగాటి తోకతో.) షార్డు టీమ్ డాష్‌బోర్డులో పీ99 ఆకుపచ్చగానే ఉంటుంది. యూజర్లు మాత్రం సెర్చ్ నెమ్మదిగా ఉందంటారు. ఇద్దరి మాటా నిజమే. ఒక కాల్ 80 మిల్లీసెకన్లలోపు రావడానికి 0.99 అవకాశం ఉంటే, 40 కాల్స్ అన్నీ ఆ లోపు రావడానికి ఉన్న అవకాశం 0.99ను 40 సార్లు గుణిస్తే వచ్చేది, అంటే దాదాపు 0.67. నూటికి 33 పేజీలు 80 మిల్లీసెకన్లు దాటిపోతాయి. 20 మిల్లీసెకన్ల గీత గీసి చూస్తే ఇంకా ఘోరం: నూటికి 70 పేజీలు దాన్ని దాటుతాయి. మరో వైపు నుంచి చెప్పాలంటే, పేజీ పీ99 బాగుండాలంటే షార్డు దగ్గర 99.975వ పర్సెంటైల్ బాగుండాలి. దాన్ని కొలిచే టీమ్‌లు చాలా తక్కువ.

గూగుల్‌కు చెందిన జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎమ్ పత్రికలో రాసిన వ్యాసం ఈ విషయాన్ని అందరికీ తెలిసేలా చేసింది. అందులో వాళ్లు ఒక నిజమైన సర్వీసు కొలతలు ఇచ్చారు. ఒక్క లీఫ్ సర్వర్‌ను చూస్తే పీ99 10 మిల్లీసెకన్లు. లీఫ్‌లన్నీ ముగిసేదాకా ఆగితే పీ99 140 మిల్లీసెకన్లు. అందులో 95 శాతం లీఫ్‌లు ముగిసేదాకా మాత్రమే ఆగితే 70 మిల్లీసెకన్లు. అంటే చివరి 5 శాతం కోసమే మిగతా సగం కాలం పోతోంది.

ఈ తోకను కోయడానికి మన ముందు ఐదారు దారులున్నాయి. ఎక్కువమందికి నేను సూచించేది ఆలస్యంగా పంపే హెడ్జ్, అంటే మొదటి రెప్లికా కాసేపట్లో జవాబివ్వకపోతే అదే ప్రశ్నను ఇంకో రెప్లికాకూ పంపి ముందొచ్చిన జవాబు తీసుకోవడం, అలాంటి అదనపు కాల్స్‌కు ఒక బడ్జెట్. కానీ అది పనిచేయని చోట్లు ఉన్నాయి, హాని చేసే చోట్లూ ఉన్నాయి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది.

## నెమ్మది ఎవరిది? మెషీన్‌దా, క్వెరీదా?

రెప్లికా నెమ్మదించడానికి కారణాలు రెండు రకాలు. మొదటి రకం ఆ మెషీన్‌కు, ఆ క్షణానికి చెందినవి: గార్బేజ్ కలెక్షన్ విరామం, బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే కంపాక్షన్, అదే హోస్ట్‌పై పక్క కంటైనర్ సీపీయూ లాక్కోవడం, క్యూలో ముందున్న ఒక బరువైన రిక్వెస్టు. ఇదే ప్రశ్నను అదే క్షణంలో పక్క రెప్లికాకు పంపితే అది 4 మిల్లీసెకన్లలో జవాబిస్తుంది. రెండో రకం ప్రశ్నకే చెందినవి: లక్షల డాక్యుమెంట్లలో ఉన్న పదం, ఒకే కీ కింద పేరుకుపోయిన పెద్ద రో, ఎక్కడా క్యాష్‌లో లేని డేటా. ఈ రకం ప్రశ్న ఏ రెప్లికాకు పంపినా అంతే సమయం తీసుకుంటుంది.

హెడ్జింగ్ మొదటి రకానికే మందు. రెండో రకానికి వాడితే బరువైన క్వెరీని రెండుచోట్ల నడిపినట్టవుతుంది, జవాబు ఒక్క మిల్లీసెకను కూడా ముందుగా రాదు.

ఏ రకమో ఊహించనక్కర్లేదు, కొలవొచ్చు. వెయ్యి షార్డు కాల్స్‌లో ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని ఇద్దరు రెప్లికాలకూ ఒకేసారి పంపండి. దేన్నీ క్యాన్సిల్ చేయకుండా రెండు సమయాలూ లాగ్‌లో రాయండి. బరువు పెరిగేది 0.1 శాతం మాత్రమే. రెండు రోజుల లాగ్‌లో మొదటి రెప్లికా 20 మిల్లీసెకన్లు దాటిన వరుసలు మాత్రం ఏరి, వాటిలో రెండో రెప్లికా ఎంత తీసుకుందో చూడండి. వాటిలో చాలామటుకు 10 లోపే ఉంటే నెమ్మది మెషీన్‌ది, హెడ్జ్ బాగా పనిచేస్తుంది. చాలామటుకు రెండోదీ 20 దాటితే నెమ్మది క్వెరీది, లేదంటే రెండు రెప్లికాలూ పంచుకునే దేనిదో: ఒకే నెట్‌వర్క్ స్విచ్, ఒకే హోస్ట్, ఒకే స్టోరేజ్ వాల్యూమ్. అప్పుడు ఇండెక్సును సరిచేయాలి, పెద్ద షార్డును చీల్చాలి, రెప్లికాలను వేరే రాక్‌లకు మార్చాలి. ఈ చిన్న ప్రయోగం చేయకుండా హెడ్జింగ్ ఆన్ చేసే టీమ్‌లకు తర్వాత ఫలితం ఎందుకు రాలేదో తెలియక వారాలు గడిచిపోతాయి.

## టైమవుట్, రీట్రై: ఇది చాలదు

చాలామంది దగ్గర ఇప్పటికే ఉన్నది ఇదే. టైమవుట్ 500 మిల్లీసెకన్లు, ఆపైన ఒక రీట్రై. చచ్చిపోయిన మెషీన్ నుంచి ఇది కాపాడుతుంది. 80 మిల్లీసెకన్ల తోకను మాత్రం తాకనే తాకదు, ఎందుకంటే టైమవుట్ అక్కడిదాకా రాదు.

సరే, టైమవుట్‌ను 15 మిల్లీసెకన్లకు దించితే? అక్కడ ఇంకో చిక్కు. రీట్రై మొదటి కాల్‌ను చంపేసి మొదలవుతుంది. 17వ మిల్లీసెకనులో రాబోయే జవాబును 15 దగ్గర పారేసి మళ్లీ మొదటి నుంచి అడుగుతాం. క్వెరీయే బరువైనదైతే ప్రతి ప్రయత్నమూ 15 దగ్గరే చస్తుంది, యూజర్‌కు ఎప్పటికీ జవాబు రాదు. హెడ్జ్‌లో మొదటి కాల్ బతికే ఉంటుంది, ఏది ముందొస్తే దాన్ని తీసుకుంటాం. హెడ్జ్ అనవసరమైన చోట కూడా మొదటి జవాబు ఎలాగూ వస్తుంది. ఈ ఒక్క తేడా వల్లే హెడ్జ్‌కు చిన్న ఆలస్యం పెట్టగలం, టైమవుట్‌కు పెట్టలేం.

## మొదటి క్షణంలోనే రెండు కాపీలు

ప్రతి కాల్‌నూ ఇద్దరికీ ఒకేసారి పంపడం. కోడ్ తేలిక, ఫలితం గొప్పగా ఉంటుంది, మధ్య పర్సెంటైల్ కూడా తగ్గుతుంది. ఖర్చేమిటంటే బరువు రెట్టింపు. మీ షార్డులు సగటున 20 శాతం సీపీయూతో నడుస్తూ, కాల్స్ చిన్నవై, లేటెన్సీయే ప్రాణమైతే ఇది తప్పు కాదు. 60 శాతం దగ్గర నడిచే క్లస్టర్‌లో ఇది ఆత్మహత్యే: 120 శాతం పని ఎవరూ చేయలేరు. కసాండ్రాలో టేబుల్‌కు `speculative_retry = 'ALWAYS'` పెడితే ఇలాంటి ప్రవర్తనే వస్తుంది. పెట్టేముందు రద్దీ వేళ సీపీయూ ఎంతుందో చూడండి, సగటు చూసి మోసపోవద్దు.

## ఆలస్యంగా పంపే హెడ్జ్

మొదటి రెప్లికాను అడుగుతాం. పీ95 దాకా, అంటే మన ఉదాహరణలో 10 మిల్లీసెకన్ల దాకా ఆగుతాం. జవాబు వస్తే సరే. రాకపోతే అదే ప్రశ్నను రెండో రెప్లికాకు పంపి, ముందొచ్చినదాన్ని తీసుకుని, రెండోదాన్ని క్యాన్సిల్ చేస్తాం. నూటికి 95 కాల్స్ 10 లోపే ముగుస్తాయి కాబట్టి అదనపు కాల్స్ 5 శాతమే. పేజీకి 40 కాల్స్ బదులు సగటున 42.

లాభమెంతో లెక్కేద్దాం. ఒక షార్డు జవాబు 20 మిల్లీసెకన్లు దాటాలంటే ఇప్పుడు రెండు దురదృష్టాలు కలిసిరావాలి. మొదటి కాల్ 20 దాటాలి, దానికి 3 శాతం అవకాశం. 10 దగ్గర బయలుదేరిన హెడ్జ్ కూడా 10కి మించి తీసుకోవాలి, దానికి 5 శాతం. రెండూ కలిస్తే 0.15 శాతం. 40 షార్డులకు కలిపితే నూటికి దాదాపు 6 పేజీలు. ఇంతకుముందు 70. ఇక 90 మిల్లీసెకన్లు దాటే పేజీలు వెయ్యికి 4 కంటే తక్కువకు పడిపోతాయి. హెడ్జ్ లేకుండా 80 దాటేవే మూడో వంతు ఉండేవి. ఈ గుణకారానికి ఆధారం రెండు రెప్లికాల నెమ్మదీ ఒకదానితో ఒకటి సంబంధం లేనిది కావడం. అందుకే ముందు ఆ ప్రయోగం చేయమన్నది.

కాగితం మీద లెక్కే కాదు, డీన్, బరోసో ఇచ్చిన కొలత కూడా ఇదే చెబుతుంది. 100 సర్వర్లలో పరిచిన బిగ్‌టేబుల్ నుంచి 1,000 కీల విలువలు చదివే బెంచ్‌మార్క్‌లో, 10 మిల్లీసెకన్ల ఆలస్యంతో హెడ్జ్ పంపితే 99.9వ పర్సెంటైల్ 1,800 నుంచి 74 మిల్లీసెకన్లకు దిగింది. అదనంగా వెళ్లిన రిక్వెస్టులు 2 శాతం.

### పీ95 ఎందుకు, పీ99 ఎందుకు కాదు?

ఇక్కడే చాలామంది పొరబడతారు. కసాండ్రాలో `speculative_retry`కు డీఫాల్ట్ 99వ పర్సెంటైల్. ఒక్కో రీడ్ విడిగా వచ్చే సర్వీసుకు అది సరిపోతుంది. ఒక పేజీకి ఒకేసారి 40 కాల్స్ పోయే చోట, అంటే ఫ్యాన్-అవుట్ 40 ఉన్నప్పుడు, పీ99 దాకా ఆగడమంటే 80 మిల్లీసెకన్ల తర్వాతే హెడ్జ్ బయలుదేరుతుంది. అప్పటికే నూటికి 33 పేజీల్లో కనీసం ఒక షార్డు 80 దాటి ఉంటుంది. ఆ పేజీలన్నీ 84, 85 దగ్గర ఆగుతాయి తప్ప అంతకన్నా ముందుకు రాలేవు. అదనపు బరువు 1 శాతానికి తగ్గించుకున్నాం గానీ, యూజర్‌కు కనిపించే లాభంలో ఎక్కువ భాగం పోగొట్టుకున్నాం. ఫ్యాన్-అవుట్ వెడల్పు పెరిగేకొద్దీ హెడ్జ్ ముందుగా బయలుదేరాలి. ఫ్యాన్-అవుట్ 5 ఉంటే పీ99 నాకు అభ్యంతరం లేదు. 40 ఉంటే పీ95. వందలు దాటి, మెషీన్లలో ఖాళీ ఉంటే పీ90 కూడా ఆలోచించవచ్చు.

### స్థిరమైన ఆలస్యంలో ఉన్న ప్రమాదం

10 మిల్లీసెకన్లని కాన్ఫిగ్‌లో రాసేసి వదిలేస్తే ఏమవుతుందో చూద్దాం. మీ షార్డులు 70 శాతం సీపీయూతో నడుస్తున్నాయి. 5 శాతం హెడ్జ్‌తో 73.5 అవుతుంది, ఫర్వాలేదు. సాయంత్రం రద్దీ పెరిగి క్యూలు పొడుగై, మామూలు కాల్ కూడా 12 మిల్లీసెకన్లు తీసుకోవడం మొదలైంది. ఇప్పుడు సగానికి పైగా కాల్స్ 10 దాటుతున్నాయి, వాటన్నిటికీ హెడ్జ్ బయలుదేరుతోంది. హెడ్జ్‌ల బరువుకు క్యూలు ఇంకా పెరిగి, మిగతా కాల్స్ కూడా 10 దాటుతాయి. చివరికి ప్రతి కాల్‌కూ హెడ్జ్, 70 శాతం పని కాస్తా 140 అవుతుంది. రద్దీ తగ్గాక కూడా క్లస్టర్ కోలుకోదు, ఎందుకంటే ఇప్పుడు బరువు యూజర్లది కాదు, హెడ్జ్‌లదే. హెడ్జింగ్ ఆపితేనే ఊపిరి పీల్చుకుంటుంది.

ఆలస్యాన్ని గత ఒకటి రెండు నిమిషాల పీ95 నుంచి లెక్కేయడం ఒక రక్షణ. అందరూ నెమ్మదిస్తే పీ95 కూడా పెరుగుతుంది, హెడ్జ్ 5 శాతం దగ్గరే ఉంటుంది. కానీ ఆ కొలత నిమిషం వెనకబడి ఉంటుంది, కూలడానికి నిమిషం చాలు. కాబట్టి దాని మీద బడ్జెట్ తప్పనిసరి: ప్రతి మామూలు కాల్ ఖాతాలో 0.05 టోకెన్ వేస్తుంది, ప్రతి హెడ్జ్ ఒక టోకెన్ తీస్తుంది, ఖాతా ఖాళీ అయితే హెడ్జ్ లేదు. ఏం జరిగినా అదనపు బరువు 5 శాతం దాటదు. ట్విటర్‌లో పుట్టిన ఫినేగల్ లైబ్రరీ దీన్ని తలకిందులుగా, నాకు నచ్చిన పద్ధతిలో చేస్తుంది: `idempotent(maxExtraLoad = 1.percent)` అని ఎంత అదనపు బరువు భరించగలరో మీరు చెబితే, ఎంతసేపు ఆగాలో అదే లెక్కేసుకుంటుంది. ఆపరేషన్స్ వాళ్లకు నిజంగా తెలిసిన అంకె బరువే కదా.

జీఆర్‌పీసీ సర్వీస్ కాన్ఫిగ్‌లో హెడ్జింగ్ ఇలా ఉంటుంది:

```json
"hedgingPolicy": {
  "maxAttempts": 2,
  "hedgingDelay": "0.010s",
  "nonFatalStatusCodes": ["UNAVAILABLE"]
}
```

రెండు సంగతులు గమనించాలి. ఆలస్యం ఇక్కడ స్థిరమైన అంకె. దీనికి తోడుగా వచ్చే `retryThrottling` కూడా టోకెన్ల ఖాతానే, కానీ అది ఫెయిలైన కాల్స్‌కు టోకెన్లు కోస్తుంది. పైన చెప్పిన సాయంత్రం రద్దీలో కాల్స్ ఫెయిలవడం లేదు, నెమ్మదిగానైనా విజయవంతంగానే ముగుస్తున్నాయి. టోకెన్లు నిండుగానే ఉంటాయి, హెడ్జ్‌లు పోతూనే ఉంటాయి. కాబట్టి అది ఉంది కదా అని ధైర్యంగా ఉండొద్దు, నెమ్మదికి లెక్కపెట్టే బడ్జెట్ విడిగా కావాలి. పైగా అన్ని భాషల జీఆర్‌పీసీ లైబ్రరీలూ ఈ పాలసీని ఒకేలా అమలు చేయవు, మీ వెర్షన్‌లో నిజంగా పనిచేస్తోందో పరీక్షించుకోండి. రెండో ప్రయత్నం వేరే మెషీన్‌కే వెళ్తోందా అన్నది కూడా పరీక్షలో చూడాలి. మొదటి మెషీన్‌కే మళ్లీ వెళ్తే అదే క్యూలో వెనక నిలబడటమే.

ఎన్వాయ్ ప్రాక్సీ వాడేవాళ్లకు `hedge_on_per_try_timeout` ఉంది. ప్రయత్నానికి పెట్టిన టైమవుట్ దాటినా మొదటి రిక్వెస్టును చంపకుండా ఇంకొకటి పంపుతుంది. అప్లికేషన్ కోడ్ ముట్టుకోకుండా హెడ్జింగ్ రుచి చూడటానికి ఇది మంచి దారి.

### రూట్ నిద్రపోతే

ఇంకో చిక్కు సొంతంగా కోడ్ రాసేవాళ్లకు ఎదురవుతుంది. 40 కాల్స్ పంపాక రూట్ ప్రాసెస్‌కే 30 మిల్లీసెకన్ల విరామం వచ్చిందనుకోండి. జవాబులన్నీ 8 మిల్లీసెకన్లలో వచ్చి సాకెట్ బఫర్లలో కూర్చున్నాయి. రూట్ మేలుకోగానే 40 టైమర్లూ గడువు దాటి కనిపిస్తాయి, 40 హెడ్జ్‌లూ ఒక్కసారిగా బయలుదేరతాయి. ఒక్కటీ అవసరం లేదు. లాగ్‌లో దీన్ని పట్టడం తేలిక: ఒకే పేజీకి అన్ని షార్డుల హెడ్జ్‌లూ ఒకే మిల్లీసెకనులో పోయి ఉంటాయి.

గో భాషలో దీనికి ఇంకో మెలిక ఉంది. `select`లో రెండు దారులూ సిద్ధంగా ఉంటే అది యాదృచ్ఛికంగా ఒకదాన్ని ఎంచుకుంటుంది, జవాబుకు ప్రాధాన్యం ఇవ్వదు. కాబట్టి టైమర్ మోగాక జవాబు వచ్చిందేమో ఇంకోసారి చూడాలి:

```go
select {
case r := <-primary:
    return r
case <-timer.C:
}
select {
case r := <-primary:
    return r
default:
}
if !budget.Take() {
    return <-primary
}
```

సాకెట్ నుంచి చదివే గోరూటీన్ ఇంకా మేలుకోకపోతే ఇది కూడా పట్టుకోలేదు. దానికి పేజీకి ఇన్ని హెడ్జ్‌లకు మించి వద్దన్న పరిమితి పెట్టుకోవడం మేలు. 40 షార్డుల పేజీకి నేనైతే 6 పెడతాను. మామూలుగా పేజీకి సగటున 2 హెడ్జ్‌లే కదా పోయేది. ఒకేసారి 6కు మించి షార్డులు నెమ్మదించాయంటే లోపం షార్డుల దగ్గర కాదు, రూట్ దగ్గరో నెట్‌వర్క్‌లోనో ఉందని అర్థం.

## టై చేసిన రిక్వెస్టులు

రెప్లికాలో పని మొదలయ్యాక అది తీసుకునే సమయం పెద్దగా మారదు. మారేది చాలావరకు క్యూలో గడిచే సమయం. ఆ గమనికపై నిలబడినదే ఈ పద్ధతి. రిక్వెస్టును రెండు రెప్లికాల క్యూల్లోనూ పెడతాం, ఒక్కోదానిపై రెండోది ఎవరి దగ్గరుందో రాసి ఉంటుంది. ఎవరి దగ్గర ముందు క్యూ నుంచి బయటికొస్తే వాళ్లు పని మొదలుపెడుతూ, రెండోవాళ్లకు వద్దని కబురు పంపుతారు. 10 మిల్లీసెకన్లు ఆగనక్కర్లేదు, పని రెట్టింపూ కాదు. రెండు క్యూలూ ఖాళీగా ఉండి ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టకుండా, రెండో కాపీని నెట్‌వర్క్ సందేశానికి పట్టే సగటు సమయానికి రెండింతలు ఆగి పంపుతారు. డేటాసెంటర్ లోపల అది మిల్లీసెకను లేదా అంతకంటే తక్కువ.

గూగుల్ దీన్ని మూడు కాపీలున్న ఫైల్ సిస్టమ్‌పై, క్యాష్‌లో లేని బిగ్‌టేబుల్ రీడ్‌లతో కొలిచింది. క్లస్టర్ దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు 99.9వ పర్సెంటైల్ 98 నుంచి 61 మిల్లీసెకన్లకు తగ్గింది. పక్కనే పెద్ద సార్టింగ్ జాబ్ నడుస్తున్నప్పుడు 159 నుంచి 108కి. డిస్క్ వాడకం పెరిగింది 1 శాతం కన్నా తక్కువే. రెండో అంకెల జత నాకు ముఖ్యం: బ్యాచ్ జాబ్ నడుస్తున్న క్లస్టర్‌లో టై చేసిన లేటెన్సీ, ఖాళీ క్లస్టర్‌లో టై చేయని లేటెన్సీకి దగ్గరగా వచ్చింది. రాత్రి జాబ్‌లను వేరే క్లస్టర్‌లో పెట్టే ఖర్చు మిగులుతుంది.

మరి అందరూ ఇదే ఎందుకు వాడరు? సర్వర్ మారాలి కాబట్టి. క్యూ మీ చేతిలో ఉండాలి, అందులోంచి రిక్వెస్టును పీకేసే వీలుండాలి, రెప్లికాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. స్టోరేజ్ సర్వర్‌ను సొంతంగా రాసే టీమ్‌కు ఇది చక్కగా నప్పుతుంది. కొన్న డేటాబేస్‌ను నడిపే టీమ్‌కు ఇది అందని పండే.

మామూలు హెడ్జ్‌కైనా క్యాన్సిల్ నిజంగా పనిచేస్తోందా అన్నది చూడాలి. క్లయింట్ కాంటెక్స్ట్ క్యాన్సిల్ చేస్తుంది, ఆ కబురు సర్వర్‌కు చేరుతుంది, హ్యాండ్లర్ కోడ్ దాన్ని ఎక్కడా తనిఖీ చేయకపోతే పని చివరిదాకా నడుస్తూనే ఉంటుంది. పోస్టింగ్ లిస్టు చదివే లూపులో ప్రతి కొన్ని వేల ఎంట్రీలకు ఒకసారి క్యాన్సిల్ అయిందేమో చూస్తే చాలు.

## మంచి రెప్లికాను ముందే ఎంచుకోవడం

హెడ్జ్ తప్పును దిద్దుతుంది. ఈ దారి తప్పే జరగకుండా చూస్తుంది. ఎలాస్టిక్‌సెర్చ్‌లో 7.0 నుంచి డీఫాల్టుగా ఉన్న అడాప్టివ్ రెప్లికా సెలక్షన్ ఇలాంటిదే: ఒక్కో కాపీ ఇటీవల ఎంత వేగంగా జవాబిచ్చింది, దాని క్యూ ఎంత పొడుగు అని చూసి ఎవరికి పంపాలో నిర్ణయిస్తుంది. అదనపు బరువు సున్నా.

దీని పరిమితి ఏమిటంటే ఇది గతాన్ని చూస్తుంది. ఇప్పుడే మొదలై 50 మిల్లీసెకన్లలో ముగిసే విరామాన్ని ఇది ముందుగా కనిపెట్టలేదు. గంటలకొద్దీ నెమ్మదిగా ఉండే మెషీన్‌ను మాత్రం ఇదే పట్టుకోవాలి, ఎందుకంటే హెడ్జింగ్ దాన్ని దాచేస్తుంది. ఎలాగో చూడండి. 120 మెషీన్లలో ఒకదాని డిస్క్ పాడవుతోంది, అది ఎప్పుడూ 200 మిల్లీసెకన్లు తీసుకుంటోంది. ఆ షార్డుకు వెళ్లే కాల్స్‌లో మూడో వంతు దాని దగ్గరికే వెళ్తాయి. నూటికి 33 పేజీలు దాన్ని తాకి, హెడ్జ్ వల్ల 14 మిల్లీసెకన్లకు బయటపడతాయి. యూజర్‌కు తెలియదు. మొత్తం కాల్స్‌లో చూస్తే ఈ హెడ్జ్‌లు 33ను 40తో భాగిస్తే వచ్చేది, అంటే 0.8 శాతం. బడ్జెట్ లేకపోతే మొత్తం హెడ్జ్ రేటు 5 నుంచి 5.8కి పోతుంది, డాష్‌బోర్డులో అది ఎవరి కంటా పడదు. 5 శాతం బడ్జెట్ ఉంటే అందులో ఆరో వంతును ఒకే మెషీన్ తినేస్తుంది. కాబట్టి హెడ్జ్ రేటును మొత్తంగా కాదు, రెప్లికాల వారీగా గ్రాఫ్ గీయాలి. ఆ గ్రాఫ్‌లో 119 గీతలు 5 దగ్గర, ఒకటి 100 దగ్గర ఉంటుంది. ఆ మెషీన్‌ను తీసేయండి.

ఈ రెండు దారులూ పోటీదారులు కావు. దీర్ఘకాలపు నెమ్మదికి సెలక్షన్, క్షణికమైనదానికి హెడ్జ్. ఒకటే చేయగలిగితే, పైన చెప్పిన రెండు కాపీల ప్రయోగంలో నెమ్మది వరుసలు కొద్ది మెషీన్ల దగ్గర పోగుపడ్డాయా, 120కీ పరుచుకున్నాయా అన్నదే తేల్చాలి.

## 39 జవాబులతో పేజీ ఇచ్చేయడం

సెర్చ్‌లాంటి చోట, గడువుకు 39 షార్డులు వచ్చి ఒకటి రాకపోతే దాన్ని వదిలేసి పేజీ ఇవ్వొచ్చు. నాకిది చాలా ఇష్టమైన దారి, సరిపోయిన చోట. రెండు రెప్లికాలూ నెమ్మదించిన ఆ 6 శాతం పేజీలకు కూడా ఇది గడువు పెడుతుంది, క్వెరీయే బరువైనదైనా పనిచేస్తుంది. కానీ ఖాతా నిల్వ, స్టాక్ లెక్క, బిల్లు మొత్తం లాంటివాటిలో ఒక షార్డు లేని జవాబు తప్పుడు జవాబే. అక్కడ ఈ దారి మూసుకుపోయినట్టే. సెర్చ్‌లో కూడా ఎన్ని పేజీలు అసంపూర్ణంగా వెళ్తున్నాయో లెక్కపెట్టి, ఆ అంకెకు అలారం పెట్టాలి. లేకపోతే పూర్తిగా చచ్చిన షార్డు కూడా వేగంగా వచ్చే పేజీల వెనక దాక్కుంటుంది.

## ఎవరు ఏది తీసుకోవాలి

ఫ్యాన్-అవుట్ 5 కంటే తక్కువ ఉండి, నెమ్మది కొద్ది మెషీన్లకే పరిమితమైతే హెడ్జింగ్ జోలికి పోకండి. రెప్లికా సెలక్షన్ సరిచేసి, పాడైన మెషీన్లను తీసేస్తే సరిపోతుంది. ఫ్యాన్-అవుట్ 20 దాటి, కాల్స్ చదవడానికే పరిమితమై, ప్రయోగంలో రెండో రెప్లికా వేగంగా ఉందని తేలితే, కదిలే పీ95 ఆలస్యంతో హెడ్జ్, 5 శాతం బడ్జెట్, పేజీకి పరిమితి. మాక్స్ ప్రయత్నాలు 2 చాలు, మూడో కాపీ లాభం చాలా స్వల్పం. మెషీన్లు రద్దీ వేళ 85 శాతం దాటుతుంటే ముందు కెపాసిటీ చూసుకోండి, అక్కడ 5 శాతం అదనం కూడా క్యూలను గట్టిగానే పెంచుతుంది.

కసాండ్రా వాడేవాళ్లు ఫ్యాన్-అవుట్ వెడల్పును బట్టి టేబుల్ వారీగా మార్చుకోవచ్చు:

```sql
ALTER TABLE search.postings
  WITH speculative_retry = '95PERCENTILE';
```

రీడ్ కన్సిస్టెన్సీ `ALL` అయితే మాత్రం ఇది దండగ. రెప్లికాలన్నిటినీ ముందే అడిగేశాక హెడ్జ్ పంపడానికి మిగిలినవాళ్లెవరూ ఉండరు. మూడు రెప్లికాలు, `QUORUM` అయితే మూడోది ఖాళీగా ఉంటుంది. మాంగోడీబీ మీద ఆధారపడాలనుకునేవాళ్లకు ఒక మాట: షార్డ్ చేసిన క్లస్టర్లకు 4.4లో వచ్చిన హెడ్జ్డ్ రీడ్స్‌ను 8.0లో డిప్రికేట్ చేశారు, కొత్త డిజైన్‌ను దానిమీద కట్టొద్దు.

రైట్‌లకు హెడ్జ్ పెట్టాలనుకుంటే, ఒకే రిక్వెస్టు రెండుసార్లు అమలైనా ఫలితం ఒక్కటేనని సర్వర్ హామీ ఇవ్వాలి. ప్రతి రిక్వెస్టుకూ క్లయింట్ ఒక ప్రత్యేక ఐడీ ఇచ్చి, రెండోసారి అదే ఐడీ వస్తే సర్వర్ పాత జవాబునే తిరిగివ్వడం మామూలు పద్ధతి. ఆ ఐడీల పట్టిక ఒక్కో రెప్లికాకు విడిగా ఉంటే చాలదు, హెడ్జ్ వెళ్లేది వేరే రెప్లికాకే కాబట్టి రెండిటికీ ఉమ్మడిగా ఉండాలి. ఆ ఉమ్మడి పట్టికను ప్రతి రైట్‌కూ చదివి రాసే ఖర్చు, హెడ్జ్ మిగిల్చే మిల్లీసెకన్లకన్నా చాలాసార్లు ఎక్కువే అవుతుంది. ఆ లెక్క వేసి చూసి, డబ్బు డెబిట్, సీటు బుకింగ్ లాంటివాటిని మామూలు టైమవుట్‌తోనే వదిలేయండి.